ఆఫ్‌సెట్ గీతకు తోక ఎందుకు మొలుస్తుంది, దాన్ని ఎక్కడ కోయాలి

సీఎన్‌సీ రూటర్ మీద అక్రిలిక్ షీటులో తెలుగు అక్షరాలు కోసేవాళ్లకు బాగా తెలిసిన చిక్కు ఇది. అక్షరం గీత శుభ్రంగానే ఉంటుంది. బిట్ మందంలో సగాన్ని లెక్కలోకి తీసుకుని ఆ గీతను పక్కకు జరిపితే మాత్రం, తలకట్టు వంపులోనో సుడి సన్నబడే చోటో కొత్త గీత చేపతోకలా మెలిక పడుతుంది. ఆ మెలికకు రెండు ముళ్లు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేయకపోతే బిట్ ఆ తోక వెంబడే తిరిగి, ఉండాల్సిన గోడను తినేస్తుంది.

మెలికను చూడగానే ముళ్లే తప్పనీ, వాటిని కత్తిరిస్తే సరిపోతుందనీ అనిపిస్తుంది. నిజానికి ముల్లు జబ్బు ఉందని చెప్పే గుర్తు మాత్రమే, కోయాల్సిన చోటు అది కాదు. ఎందుకో ఒకే ఒక్క వక్రాన్ని తీసుకుని అంకెలతో చూద్దాం.

## గీతను పక్కకు జరపడం అంటే

ఆఫ్‌సెట్ అంటే బొమ్మను చిన్నది చేయడం కాదు. 100 × 20 మి.మీ. దీర్ఘచతురస్రాన్ని లోపలికి 5 మి.మీ. ఆఫ్‌సెట్ చేస్తే 90 × 10 వస్తుంది. అదే బొమ్మను 90 శాతానికి కుదిస్తే 90 × 18 వస్తుంది. రెండూ వేర్వేరు పనులు. ఆఫ్‌సెట్‌లో గీత మీది ప్రతి బిందువూ అక్కడి అభిలంబం దిశలో, అంటే స్పర్శరేఖకు లంబంగా, సరిగ్గా అంతే దూరం జరుగుతుంది. అసలు వక్రం `P(t)`, ప్రమాణ అభిలంబం `N(t)`, దూరం `d` అనుకుంటే:

```
Q(t) = P(t) + d·N(t)
```

వృత్తాన్ని ఇలా జరిపితే వృత్తమే వస్తుంది, సరళరేఖకు సరళరేఖే. మిగతా వక్రాలకు ఆ అదృష్టం లేదు. ప్రమాణ అభిలంబం రావాలంటే వర్గమూలంతో భాగించాలి. అందుకే క్యూబిక్ బెజియర్‌ను జరిపితే సాధారణంగా మరో క్యూబిక్ బెజియర్ రాదు. `y = x²` లాంటి రెండో తరగతి పరావలయం కూడా జరిపేసరికి ఆరో తరగతి వక్రం అవుతుంది.

## ముల్లు ఎక్కడ పుడుతుంది

పై సూత్రాన్ని అవకలనం చేస్తే చిన్న ఫలితం వస్తుంది, కథంతా అందులోనే ఉంది:

```
Q'(t) = (1 − κd)·P'(t)
```

ఇక్కడ `κ` వక్రత. వంపు ఎంత బిగుతుగా ఉంటే అది అంత పెద్దది. వక్రతను తలకిందులు చేస్తే వక్రతా వ్యాసార్థం, అంటే ఆ చోట గీతకు అతుక్కునే వృత్తపు వ్యాసార్థం. గీతను వంపు లోపలివైపుకు జరుపుతున్నామనుకోండి. `d` ఆ వ్యాసార్థం కన్నా తక్కువైతే బ్రాకెట్ ధనాత్మకం, కొత్త గీత పాత గీత నడిచిన దిశలోనే నడుస్తుంది. రెండూ సమానమైతే బ్రాకెట్ సున్నా, కదలిక ఆ క్షణాన ఆగిపోతుంది. `d` ఇంకా ఎక్కువైతే బ్రాకెట్ రుణాత్మకం, కొత్త గీత వెనక్కి నడవడం మొదలుపెడుతుంది. ముందుకు వస్తున్న గీత ఆగి వెనక్కి మళ్లే బిందువే ముల్లు.

జరిగిన బిందువు ఆ క్షణాన అసలు గీత వక్రతా కేంద్రం మీద ఉంటుంది. వక్రతా కేంద్రాలన్నీ కలిపి గీసే వక్రాన్ని ఎవల్యూట్ అంటారు. 1673లో హైగెన్స్ లోలక గడియారాల పుస్తకంలో పరిశీలించిన వక్రం ఇదే. మీరు `d` ఎంత పెట్టినా ముల్లు ఆ ఎవల్యూట్ మీదనే పడుతుంది.

వంపు బయటివైపుకు జరిపితే ఈ గొడవ లేదు, అక్కడ బ్రాకెట్ ఎప్పుడూ ధనాత్మకమే. పదునైన మూల ఉంటే మాత్రం జరిగిన రెండు అంచుల మధ్య ఖాళీ ఏర్పడుతుంది, దాన్ని చాపంతోనో పొడిగించిన కోణంతోనో పూడ్చాలి.

## 12 మి.మీ. బిట్, 4 మి.మీ. వంపు: ఒక లెక్క

గిన్నె ఆకారపు గుంత తీసుకుందాం: `y = x²/8`, కొలతలు మి.మీ.లో. అడుగున, అంటే `x = 0` దగ్గర, వక్రతా వ్యాసార్థం సరిగ్గా 4. పైకి పోయేకొద్దీ వంపు విప్పారుతుంది. దీని లోపల 12 మి.మీ. బిట్ తిరగాలి, కాబట్టి `d = 6`. అడుగున వంపు 4, బిట్‌కు కావాల్సింది 6. బిట్ అడుగుదాకా దిగలేదని ఇక్కడే తెలిసిపోయింది. మరి సూత్రం ఏం గీస్తుంది?

`s = √(1 + t²/16)` అనుకుంటే జరిగిన బిందువు ఇలా వస్తుంది:

```
X = t·(1 − 6/(4s))
Y = t²/8 + 6/s
```

వక్రతా వ్యాసార్థం `4s³`. అది 6కు సమానమయ్యేది `t = ±2.228` దగ్గర, ముళ్లు అక్కడే. వాటి స్థానం `(∓0.692, 5.862)`. గుర్తు తారుమారైంది చూడండి. గుంత కుడి గోడ మీది బిందువు జరిగి ఎడమవైపుకు వచ్చి పడింది.

గీత తనను తాను దాటే చోటు సౌష్ఠవ అక్షం మీద ఉంటుంది, అంటే `X = 0` కావాలి. `t = 0` కాకుండా అది జరిగేది `s = 1.5` అయినప్పుడు. అప్పుడు `t² = 20`, `t = ±4.472`, ఖండన బిందువు `(0, 6.5)`. `t = 0` దగ్గరి బిందువు `(0, 6)`.

ఇప్పుడు గీత వెంట వేలు పెట్టి నడవండి. ఎడమ గోడ వెంబడి దిగుతూ `(0, 6.5)` చేరుతుంది. అక్కడ ఆగకుండా మధ్యరేఖ దాటి కుడికి దిగి `(0.692, 5.862)` దగ్గర ముల్లు వేసుకుంటుంది. వెనక్కి మళ్లి `(0, 6)` మీదుగా ఎడమ ముల్లుకు పోతుంది. మళ్లీ పైకి ఎక్కి `(0, 6.5)` దాటి కుడి గోడ వెంట వెళ్లిపోతుంది. ఖండన బిందువు కింద వేలాడే ఈ చిన్న ముక్కోణమే చేపతోక.

బిట్ కేంద్రాన్ని ఈ దారిన నడిపితే ఏమవుతుంది? కేంద్రం నుంచి అసలు గోడకు దూరం ఎక్కడైనా 6కు తగ్గితే, తగ్గినంత లోతు గోడ కోసుకుపోతుంది. `(0, 6)` దగ్గర గోడకు కనిష్ఠ దూరం 5.657, అంటే రెండువైపులా 0.343 మి.మీ. కోత. ముల్లు దగ్గర ఎదుటి గోడకు దూరం 5.059 మాత్రమే. అక్కడ 0.941 మి.మీ. గోడ పోతుంది, మొత్తం తోకలో అదే అన్నిటికన్నా లోతైన గాయం. పని అయ్యాక ముక్క తీసి చూస్తే అడుగు దాదాపు సరిగ్గానే ఉండి, అడుగుకు కాస్త పైన రెండు పక్కలా ఎదురెదురుగా పళ్లగాట్ల లాంటి గుంటలు కనిపిస్తాయి. గుంటలు జంటగా, సౌష్ఠవంగా ఉంటే బిట్ వణికిందని మెషీన్‌ను తిట్టే ముందు టూల్‌పాత్‌ను పెద్దది చేసి చూడాలి.

## ముల్లు దగ్గరే కోస్తే ఏమవుతుంది

`1 − κd` రుణాత్మకమైన భాగాన్ని తీసేయడం చాలామందికి మొదట తట్టే ఉపాయం. ఒక్క వరుస కోడ్‌తో అయిపోతుంది. మన లెక్కలో అది `t = −2.228` నుంచి `2.228` దాకా ఉన్న భాగాన్ని తీసేస్తుంది. కానీ తోకలో ఉన్నది `−4.472` నుంచి `4.472` దాకా. ఖండన బిందువు నుంచి ముల్లుదాకా దిగే రెండు కాళ్లూ అలాగే మిగిలిపోతాయి. అత్యంత లోతైన గాయం చేసేది ఆ కాళ్ల చివరే.

కోత `(0, 6.5)` దగ్గరే పడాలి. అక్కడ బిట్ రెండు గోడలనూ ఒకేసారి తాకుతుంది, `(±4.472, 2.5)` దగ్గర. దాని అడుగు `y = 0.5` దగ్గర ఉంటుంది. అంటే గుంత అడుగున అర మిల్లీమీటరు సరుకు మిగిలిపోతుంది. అది పొరపాటు కాదు, 12 మి.మీ. బిట్‌కు సాధ్యమైనంతే అది. ఈ వక్రానికి మిగిలే ఎత్తు `(d − 4)²/8` అని సులువుగా వస్తుంది. 10 మి.మీ. బిట్‌తో 0.125 మిగులుతుంది. 8 మి.మీ. బిట్‌తో ఏమీ మిగలదు, కానీ దారి అడుగున సన్నగా మొనదేలుతుంది. 6 మి.మీ. బిట్ అయితే నున్నగా తిరిగి వస్తుంది.

ఆ సూత్రంలో ఇంకో సంగతి దాగుంది. `d = 4.01` అయితే తోక ఎత్తు సుమారు 0.0000125 మి.మీ. అంత చిన్న తోకను ఏ ఖండన వెతుకులాటా నమ్మకంగా పట్టుకోదు. పట్టుకోకపోయినా నష్టమూ లేదు. కానీ ప్రోగ్రామ్ దాన్ని సగం పట్టుకుని, అంటే ఒక ఖండనను చూసి జంటను వదిలేస్తే, మొత్తం గీతే తెగిపోతుంది. సహన పరిమితి కన్నా చిన్న తోకలను ముందే ఒక బిందువుగా కుదించేయడం మంచిది.

## ముల్లు లేకుండానే దాటుకునే గీతలు

ఇంతవరకు చూసింది స్థానిక తప్పు, ఒకేచోట వంపు బిగుతుగా ఉండటం వల్ల వచ్చింది. రెండో రకంలో వక్రతకు ప్రమేయమే లేదు.

30 మి.మీ. వ్యాసం ఉన్న రెండు గుండ్రని గుంతలను 10 మి.మీ. వెడల్పు కాలువ కలుపుతోందనుకోండి. కాలువ గోడలు సరళరేఖలు, వక్రత సున్నా. 6 మి.మీ. జరిపితే అక్కడ ఒక్క ముల్లూ రాదు. కానీ పై గోడ దారి మధ్యరేఖను 1 మి.మీ. దాటి కిందకు, కింది గోడ దారి 1 మి.మీ. దాటి పైకి వస్తాయి. రెండు దారులూ స్థానాలు మార్చుకున్నాయి. బిట్‌ను అలాగే పంపితే ఒక్కో పరుగు ఎదుటి గోడను 2 మి.మీ. తింటుంది, 10 మి.మీ. కాలువ 14 అవుతుంది. సరైన జవాబు వేరు: కాలువలో దారే ఉండకూడదు, ఒక మూసిన గీత రెండు విడి గీతలుగా విడిపోవాలి.

ఠ మధ్యలోని చుక్కకూ చుట్టూ ఉన్న వలయానికీ మధ్య జాగా బిట్ కన్నా సన్నగా ఉంటే జరిగేదీ ఇదే. వలయంలో ఎక్కడా బిగుతు వంపు లేకపోవచ్చు, కాబట్టి వక్రతను మాత్రమే చూసే పరీక్ష అంతా బాగుందనే చెబుతుంది.

## ఏది ఉంచాలో తేల్చే రెండు పరీక్షలు

మొదటిది దూరం పరీక్ష. జరిగిన గీత మీది బిందువు అసలు గీత మొత్తానికీ కనీసం `d` దూరంలో ఉంటే ఉంచాలి, ఏ ఒక్కచోట తగ్గినా తీసేయాలి. స్థానిక తప్పూ, కాలువ లాంటి తప్పూ రెండూ దీనికి ఒకటే. మన గుంతకు ఇలా రాయొచ్చు:

```python
import numpy as np
d = 6.0
t = np.linspace(-12, 12, 1201)
P = np.column_stack([t, t**2/8])
s = np.sqrt(1 + t**2/16)
N = np.column_stack([-t/4, np.ones_like(t)]) / s[:, None]
Q = P + d*N
D = np.sqrt(((Q[:, None] - P[None])**2).sum(axis=2)).min(axis=1)
keep = D >= d - 1e-3
```

ఇక్కడ `t` 0.02 చొప్పున పెరుగుతోంది. `keep`లో `|t|` 4.46 దాకా తీసివేతకు పోతుంది, 4.48 నుంచి మిగులుతుంది. అసలు విలువ 4.472 ఆ రెంటి మధ్యనే ఉంది. ఖచ్చితమైన కొన కావాలంటే ఆ రెండు బిందువుల మధ్య ఖండన వెతకాలి.

చివరి వరుసలోని `1e-3` అలంకారం కాదు. మంచి బిందువుకు కనిష్ఠ దూరం సరిగ్గా `d` రావాలి, కానీ దశాంశ సవరణల వల్ల 5.999999999 రావచ్చు. సహన పరిమితి పెట్టకపోతే మంచి గీతలోనూ అక్కడక్కడ చిల్లులు పడతాయి. చిల్లులు ఏ క్రమమూ లేకుండా చెదురుగా కనిపిస్తే కారణం ఇదే. దీనికి విరుద్ధమైన తప్పు నమూనా బిందువులు దూరదూరంగా ఉన్నప్పుడు వస్తుంది. గోడ మీద అసలైన దగ్గరి బిందువు రెండు నమూనాల మధ్య పడిపోతుంది, దూరం ఉన్నదాని కన్నా ఎక్కువ కనిపిస్తుంది, చెడ్డ బిందువు గట్టెక్కుతుంది. పెద్ద బొమ్మలకు ప్రతి బిందువునూ ప్రతి బిందువుతో పోల్చడం బరువు కూడా. అప్పుడు ముందు గీతను ఖండన బిందువుల దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్క మధ్యలో ఒక్క బిందువును పరీక్షిస్తారు. ముక్కలో ఒక బిందువు చెడ్డదైతే ముక్కంతా చెడ్డదే.

రెండోది చుట్టు సంఖ్య పరీక్ష, మూసిన గీతలకు మాత్రమే. ఒక బిందువు చుట్టూ గీత గడియారానికి వ్యతిరేక దిశలో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడతారు, ఆ దిశలో తిరిగితే ప్లస్, ఎదురు దిశలో తిరిగితే మైనస్. మన గుంతను పైన మూసేసి గడియారానికి వ్యతిరేక దిశలో నడిస్తే, బిట్ తిరగగల ప్రాంతానికి +1 వస్తుంది. తోకను మాత్రం గీత ఎదురు దిశలో చుడుతుంది కాబట్టి దానికి −1. కాలువలో స్థానాలు మార్చుకున్న పట్టీకీ −1. ధనాత్మక ప్రాంతాల సరిహద్దును మాత్రమే ఉంచితే తోక రాలిపోతుంది, కాలువ తెగి రెండు గీతలు మిగులుతాయి.

ఇది అందంగా ఉంటుంది కానీ ఒక బోనులో పడేస్తుంది. 4 మి.మీ. వ్యాసార్థం గల గుండ్రని రంధ్రాన్ని లోపలికి 6 జరపండి. సూత్రం ప్రకారం బిందువులన్నీ కేంద్రం దాటి అవతలికి వెళ్లి 2 మి.మీ. వృత్తం గీస్తాయి. ఆ వృత్తం అర చుట్టు జరిగి ఉంటుంది, కానీ తిరిగే దిశ మారదు. చుట్టు సంఖ్య +1, పరీక్ష పాస్. బిట్ దూరి 8 మి.మీ. రంధ్రాన్ని 16 మి.మీ. చేస్తుంది. దూరం పరీక్ష దీన్ని వెంటనే పట్టేస్తుంది, ఆ వృత్తం మీది బిందువుకు గోడ 2 మి.మీ. దూరంలోనే ఉంది మరి. అందుకే చుట్టు సంఖ్యను నమ్ముకున్న ప్రోగ్రాములు నున్నటి సూత్రాన్ని నేరుగా వాడవు. గీతను చిన్న అంచుల గొలుసుగా మార్చి, ఒక్కో అంచును దాని దిశ చెడకుండా జరిపి, లోపలి మూలల్లో జరిగిన రెండు కొనలనూ అసలు మూల బిందువు మీదుగా కలుపుతాయి. Clipper లైబ్రరీ మార్గం ఇదే. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది, ప్రతి మూలలోనూ గీత వెనక్కి పోయి వస్తుంది. ఆ గజిబిజి వల్లే చుట్టు సంఖ్య సరైన జవాబు చెబుతుంది.

## అసలు వక్రమా, చిన్న గీతల గొలుసా

ఇక్కడ పనివాళ్లలో రెండు పక్షాలున్నాయి. వక్రాన్ని వక్రంగానే ఉంచి ఖండనలు వెతకాలనేది ఒకటి. ఫలితం నున్నగా, తక్కువ డేటాతో వస్తుంది, తర్వాత మళ్లీ సవరించుకోవచ్చు. కానీ ఖండనలు వెతకడం కష్టం. రెండు కొమ్మలు దాదాపు స్పర్శిస్తూ పోయేచోట లెక్క తడబడుతుంది, ఒక్క ఖండన తప్పిపోతే గీతంతా పాడవుతుంది. ముందే చిన్న గీతలుగా విరగ్గొట్టాలనేది రెండో పక్షం. సరళరేఖల ఖండన తేలిక, పూర్ణాంకాల్లో చేస్తే దశాంశ సవరణల గొడవా ఉండదు. దానికి చెల్లించే మూల్యం పొడవాటి ఫైలు. 6 మి.మీ. వ్యాసార్థపు పూర్తి వృత్తాన్ని 0.01 మి.మీ. తేడాలోపు ఉంచాలంటే 55 గీతలు కావాలి, 0.001 లోపు అంటే 173. తేడాను పదోవంతు చేస్తే గీతలు మూడింతలే పెరిగాయి. అయినా అక్షరాలతో నిండిన బోర్డుకు మొత్తం వేలల్లోకి పోతుంది, పాత కంట్రోలర్లు అంత చిన్న గీతల మధ్య వేగం తగ్గించుకుంటూ పోతాయి.

మూడో దారీ ఉంది: బొమ్మను చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి నుంచి గోడకు ఉన్న దూరాన్ని రాసుకుని, దూరం `d` అయిన సమోన్నత రేఖను గీయడం. తోక పుట్టే వీలే లేదు, అసలు గీతను జరపనే లేదు కదా. కాకపోతే గడి సైజును మించిన సూక్ష్మత రాదు, పదునైన మొనలు మొద్దుబారతాయి.

అక్షరాలు కోసే పనికి చిన్న గీతల గొలుసే చాలు, చివర్లో వరుసగా ఉన్న గీతలను మళ్లీ చాపాలుగా కలిపి ఇస్తే కంట్రోలర్ కూడా సుఖపడుతుంది. అచ్చు పోసే డై లాంటి పనికి, ఆ గీత మీద ఇంకా ఉపరితలాలు కట్టాల్సిన చోట, మొదటి పక్షం వాదనే బలమైనది.

## మిగిలిపోయిన సరుకును కనిపెట్టడం

తోకలు తీసేసిన దారిని అదే 6 మి.మీ. తిరిగి బయటికి జరిపితే అసలు గీత రాదు. మన గుంతలో `(−4.472, 2.5)` నుంచి `(4.472, 2.5)` దాకా 6 మి.మీ. వ్యాసార్థపు చాపం వస్తుంది, దాని అడుగు `y = 0.5`. అసలు గుంతలోంచి ఈ ఆకారాన్ని తీసేస్తే మిగిలే నెలవంక ముక్క పెద్ద బిట్ చేరలేని చోటు. దాన్ని 6 మి.మీ. బిట్‌కు రెండో పనిగా ఇస్తారు. ఆ ముక్క రెండు చివర్లూ సూదిలా సన్నబడతాయి, చిన్న బిట్ కూడా ఆ ముక్క హద్దుల్లోపల పట్టదు. కాబట్టి నెలవంకను లోపలికి జరిపి దారి వెతికితే ఏమీ మిగలదు, దాని మధ్య మందం అర మిల్లీమీటరే కదా. రెండో బిట్‌కు దారిని నెలవంక నుంచి కాకుండా అసలు గుంత గీత నుంచే `d = 3`తో తీసి, `|t|` 4.472 లోపు ఉన్న భాగాన్ని, రెండు కొనల్లో కాస్త అదనంగా కలిపి వాడాలి.